సెల్ఫీ రిమోట్ నొక్కేది కెమెరాని కాదు, వాల్యూమ్‌ని

సెల్ఫీ రిమోట్ బటన్ నొక్కితే ఫోన్‌లోని కెమెరాకి "ఫోటో తియ్యి" అని కబురు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అలాంటి కబురేమీ వెళ్లదు. ఆ చిన్న ప్లాస్టిక్ బిళ్లకి కెమెరా అనేది ఒకటుందనే తెలీదు. ఫోన్ దాన్ని ఒక బ్లూటూత్ కీబోర్డుగా గుర్తిస్తుంది. ఒకటో రెండో కీలున్న కీబోర్డు, అంతే. బటన్ నొక్కగానే అది పంపేది వాల్యూమ్ పెంచే కీ. ఆ సమయానికి కెమెరా తెరిచి ఉంటే, వాల్యూమ్ కీ పడితే ఫోటో తీయాలని కెమెరా యాప్‌లో ముందే రాసి ఉంటుంది కాబట్టి ఫోటో పడుతుంది. కెమెరా బదులు పాట నడుస్తుంటే పాట గట్టిగా వినిపిస్తుంది. రిమోట్ ఆఫ్ చేయకుండా జేబులో వేసుకుని సిటీ బస్సెక్కినవాళ్లకి ఇది అనుభవమే.

ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే విషయం ఇంకా తేలికవుతుంది. 2011లో ఐఓఎస్ 5తో ఐఫోన్‌లో వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసే వీలొచ్చింది. ఇయర్‌ఫోన్ వైరు మీదున్న వాల్యూమ్ బటన్ నొక్కినా ఫోటో పడేది. మొదట్లో వచ్చిన సెల్ఫీ స్టిక్కులు దీన్నే వాడుకున్నాయి. వాటికి వేలాడే వైరుని ఫోన్ ఇయర్‌ఫోన్ రంధ్రంలో గుచ్చితే సరిపోయేది. తర్వాత ఒక్కో ఫోన్‌లో ఆ రంధ్రమే మాయమవుతూ వచ్చింది, వైరు చేసే పని బ్లూటూత్‌కి చేరింది. మారింది దారి ఒక్కటే. అటు నుంచి వచ్చే సంకేతం ఇప్పటికీ వాల్యూమ్ కీయే.

రిమోట్ పని చేయడం లేదని విసుక్కునే సందర్భాలు చాలా ఈ ఒక్క సంగతితో తేలిపోతాయి. రిమోట్ ఫోన్‌కి కలిసిందా, కీ ఫోన్‌కి చేరిందా, చేరిన కీని కెమెరా ఫోటోగా తీసుకుందా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడింటినీ కలిపేసి చూస్తే ఎక్కడ ఆగిందో తెలీదు. విడదీయడానికి పది సెకన్లు చాలు. కెమెరా మూసేసి, ఫోన్ మామూలు స్క్రీన్ మీద ఉండగా రిమోట్ నొక్కాలి, రెండు బటన్లుంటే పెద్దది. స్క్రీన్ పక్కన వాల్యూమ్ గీత కనిపిస్తే రిమోట్, బ్లూటూత్ రెండూ బాగున్నట్టే. ఇక చూడాల్సింది కెమెరా సెట్టింగ్ ఒక్కటే. వాల్యూమ్ గీత రాకపోతే కెమెరా సెట్టింగులు ఎంత గెలికినా లాభం లేదు, తేడా కలపడంలోనో బ్యాటరీలోనో ఉంది.

మార్కెట్లో ఎక్కువగా దొరికే రకానికి రెండు బటన్లుంటాయి. పెద్దదాని మీద ఐఓఎస్ అని, చిన్నదాని మీద ఆండ్రాయిడ్ అని ఉంటుంది. ఈ రాతల్ని మరీ పట్టించుకోనక్కర్లేదు. చాలావాటిలో పెద్ద బటన్ వాల్యూమ్ కీని పంపుతుంది, చిన్నది ఎంటర్ కీని పంపుతుంది. వాల్యూమ్ కీతో ఫోటో తీయలేని పాత ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం పెట్టిన ఏర్పాటది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో పెద్ద బటనే బాగా పని చేస్తుంది. "నాది ఆండ్రాయిడ్ కదా" అని చిన్న బటన్నే పట్టుకుని కూర్చుంటే ఒక్కోసారి ఏమీ జరగదు. ఏ బటన్ ఏం పంపుతోందో తెలుసుకోవాలంటే నోట్స్ యాప్‌లో నాలుగు అక్షరాలు కొట్టి రెండు బటన్లూ విడివిడిగా నొక్కి చూడాలి. కర్సర్ కింది లైనుకి దిగితే ఎంటర్, వాల్యూమ్ గీత వస్తే వాల్యూమ్.

ఫోన్‌కి కలిపే పని ఇంట్లోనే చేసుకోవాలి, బీచ్‌లో కాదు. ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో బ్లూటూత్ జాబితా తెరిస్తే ఇయర్‌బడ్లు, వాచీలు, ఎవరివో స్పీకర్లు వరసగా దిగుతూనే ఉంటాయి. వాటి మధ్య ఒకే పేరున్న రిమోట్లు రెండు కనిపించినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఈ చౌక రిమోట్లలో చాలావాటికి `AB Shutter3` అనే పేరే ఉంటుంది. జగదాంబ సెంటర్లో కొన్నదైనా, ఆన్‌లైన్లో తెప్పించినదైనా, ముందు బ్యాటరీ దగ్గర అడ్డుగా పెట్టిన సన్నటి ప్లాస్టిక్ ముక్క లాగేయాలి. పక్కనున్న స్విచ్ ఆన్ చేస్తే చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అప్పుడు ఫోన్ సెట్టింగుల్లోని బ్లూటూత్‌కి వెళ్లి, కొత్త పరికరాల్లో ఆ పేరు కనిపించగానే తాకాలి. పాత రకం ఏదైనా పిన్ అడిగితే 0000 కొట్టి చూడొచ్చు. కలిశాక లైటు ఆరిపోతుంది, నొక్కినప్పుడు మాత్రమే మెరుస్తుంది.

కలిసినట్టు చూపిస్తూ కీ మాత్రం చేరకపోతే, ఆండ్రాయిడ్‌లో ఆ రిమోట్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి వివరాలు తెరవాలి. అక్కడ `Input device` అనే మీట కనిపిస్తే అది ఆన్‌లో ఉండాలి. ఆఫ్‌లో ఉంటే ఫోన్ ఆ రిమోట్‌ని గుర్తుపడుతుంది గానీ దాని కీల్ని తీసుకోదు.

రిమోట్ ఒక ఇంట్లో రెండు ఫోన్లకి వాడితే వచ్చే తంటా వేరు. మొదట కలిసిన ఫోన్ బ్లూటూత్ ఆన్‌లో ఉండి దగ్గర్లో ఉందంటే, రిమోట్ ఆన్ అవ్వగానే దాన్నే వెతుక్కుని వెళ్లిపోతుంది. అన్నయ్య ఫోన్ స్టాండ్ మీద సిద్ధంగా ఉంటుంది, రిమోట్ మాత్రం వదిన హ్యాండ్‌బ్యాగులోని ఫోన్‌కి కలిసి దాని వాల్యూమ్ పెంచుతూ ఉంటుంది. కొత్త ఫోన్ జాబితాలో రిమోట్ పేరే కనపడదు, ఎందుకంటే అది అప్పటికే వేరేచోట కలిసి ఉంది. మొదటి ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయాలి, లేదా జాబితాలోంచి ఆ పేరుని `Forget` కొట్టి తీసేయాలి. తర్వాత రిమోట్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే రెండో ఫోన్‌కి కనిపిస్తుంది.

ఇక కెమెరా వైపు. వాల్యూమ్ కీ పడితే ఏం చేయాలన్నది ఫోన్‌లో మార్చుకోగల విషయం. ఫోటో తీయొచ్చు, జూమ్ చేయొచ్చు, ఉత్తి వాల్యూమే మార్చొచ్చు. శాంసంగ్‌లో ఇది కెమెరా సెట్టింగుల్లో `Shooting methods` కింద ఉంటుంది. పిక్సెల్‌లో `Gestures` కింద `Volume key action` అని ఉంటుంది. మిగతా కంపెనీల ఫోన్లలోనూ కెమెరా సెట్టింగుల్లో వాల్యూమ్ బటన్ అన్న మాట కోసం వెతికితే దొరుకుతుంది. రిమోట్ నొక్కిన ప్రతిసారీ అందరి ముఖాలూ దగ్గరికొస్తున్నాయంటే రిమోట్ చెడిపోలేదు, ఎవరో ఎప్పుడో ఆ సెట్టింగ్‌ని జూమ్‌కి మార్చారు. ఐఫోన్‌లో ఈ బెడద లేదు, అక్కడ వాల్యూమ్ కీ ఐఓఎస్ 5 నుంచీ షటరే. ఇంకో మాట, ఇదంతా ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్‌కి వర్తిస్తుంది. మెసేజింగ్, సోషల్ మీడియా యాప్‌ల లోపలుండే కెమెరాలు ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తాయి. ఫోన్ కెమెరాలో తీసి తర్వాత పంపుకోవడమే నయం.

ఇప్పుడు కైలాసగిరి మీద ఒక గ్రూప్ ఫోటో తీసుకుందాం. గాజువాక నుంచి వచ్చిన ఒక కుటుంబం అనుకోండి, మొత్తం పద్నాలుగు మంది, మామ్మ నుంచి మూడేళ్ల పాప దాకా. వెనకాల సముద్రం, కింద తీరం వంపు కనపడాలి. విశాఖలో సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున్న సముద్రం వెనక పెట్టుకుని నిలబడితే సూర్యుడు వీపు వెనకే ఉంటాడు, ముఖాలు నల్లగా పడతాయి. సాయంత్రం సూర్యుడు ఊరి వైపుకి, అంటే కెమెరా వెనక్కి వెళ్తాడు కాబట్టి ఎండ నేరుగా ముఖాల మీద పడుతుంది. మరీ మూడింటికైతే అందరూ కళ్లు చికిలిస్తారు. ఎండ వాలాక, సూర్యుడు ఇంకా దిగకముందు తీస్తే బాగుంటుంది.

ఎంత దూరంలో ఫోన్ పెట్టాలి? ఏడుగురు చొప్పున రెండు వరసలు నిలబడితే వెడల్పు దాదాపు మూడున్నర మీటర్లు వస్తుంది. ఇప్పటి ఫోన్లలో వెనకవైపు ప్రధాన కెమెరాని అడ్డంగా పెడితే, దూరానికి సుమారు 1.4 రెట్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. 3 మీటర్ల దూరంలో 4 మీటర్ల పైచిలుకు పడుతుంది గానీ అంచులవాళ్లు ఇరుకులో ఉంటారు. 4 మీటర్లకి జరిపితే అయిదున్నర మీటర్లు పడుతుంది, అటూ ఇటూ ఊపిరాడుతుంది. దగ్గర్నుంచే అందరినీ పట్టేద్దామని 0.5 అల్ట్రావైడ్‌కి మారిస్తే చివర నిలబడ్డ బాబాయి అడ్డంగా సాగిపోతాడు. ఆ నాలుగు మీటర్లు వెనక్కి జరిపే వెసులుబాటు ఇవ్వడమే రిమోట్ చేసే అసలు మేలు. చేత్తో పట్టే సెల్ఫీ స్టిక్కుతో అది కుదరదు.

బ్లూటూత్ రిమోట్ డబ్బా మీద సాధారణంగా 10 మీటర్లని రాసి ఉంటుంది, కాబట్టి నాలుగు మీటర్లు లెక్కలోకే రాకూడదు. అయినా కీ అందని సందర్భాలుంటాయి. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మనిషి శరీరం బాగా పీల్చేస్తుంది, ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి. రిమోట్ వెనక వరసలో ఉన్నవాళ్ల గుప్పిట్లో, వీపు వెనక ఉండి, ముందు ఏడుగురు కుర్చీలేసుకుని కూర్చుంటే ఆ బలహీనమైన సంకేతం తడబడుతుంది. రిమోట్ ముందు వరసలోవాళ్ల చేతిలో, ఫోన్‌కి ఎదురుగా, వేళ్లతో పూర్తిగా మూయకుండా ఉండాలి. అప్పుడు చేయి ఫోటోలో కనపడుతుందే అన్నది సహజమైన అనుమానం. దానికి మందు టైమర్. కెమెరాలో 3 సెకన్ల టైమర్ పెట్టి రిమోట్ నొక్కితే, చాలా ఫోన్లలో వెంటనే ఫోటో పడదు, లెక్క మొదలవుతుంది. ఆ మూడు సెకన్లలో చేయి దింపి నవ్వొచ్చు. లెక్క నడుస్తున్నప్పుడు ఐఫోన్‌లోనూ, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ వెనక ఫ్లాష్ లైటు మినుకుమంటుంది. "ఏట్రా, నొక్కావా లేదా?" అని వెనక వరసలోంచి పెదనాన్న అరవక్కర్లేదు, ఆ లైటే చెప్పేస్తుంది.

కొండ మీద గాలి ఉంటుంది. సెల్ఫీ స్టిక్కుకే మూడు కాళ్లు విప్పి నిలబెట్టే రకం పూర్తి ఎత్తుకి లాగితే ఊగుతుంది, ఫోన్ బరువుకి ఒక్కోసారి పడిపోతుంది. ఎత్తు సగానికి తగ్గించి, గట్టు మీద పెట్టి, కాళ్ల దగ్గర నీళ్ల సీసా ఉన్న సంచీ ఆనించడం మంచిది. ఫోన్ బిగించాక మధ్యలో నిలబడ్డ ఒకరి ముఖం మీద స్క్రీన్‌ని తాకి ఫోకస్ చూసుకోవాలి.

ఇక్కడే అసలు ఆలస్యం మొదలవుతుంది. మామ్మని మధ్యలో కూర్చోబెట్టడం, పాపని ఎత్తుకోవడం, ఐస్‌క్రీమ్‌కి వెళ్లినవాళ్లని పిలవడం, చూస్తుండగా మూడు నాలుగు నిమిషాలు గడిచిపోతాయి. ఈలోపు రెండు నిద్రలు జరగొచ్చు. ఏమీ కదలక ఫోన్ స్క్రీన్ ఆరిపోవచ్చు, వాడకం లేక రిమోట్ కూడా నిద్రపోవచ్చు. స్క్రీన్ ఆరాక రిమోట్ నొక్కితే కెమెరా తెరుచుకోదు, ఎవరో ఒకరు వెళ్లి లేపాల్సిందే. బయలుదేరేముందే స్క్రీన్ ఆరే సమయాన్ని సెట్టింగుల్లో వీలైనంత పెంచితే కొంత ఊరట. రిమోట్ నిద్ర ఇంకో రకం. మొదటి నొక్కు దాన్ని లేపి ఫోన్‌కి మళ్లీ కలపడానికే సరిపోతుంది, ఫోటో పడదు. మళ్లీ కలవడానికి రెండు మూడు సెకన్లు పట్టొచ్చు. ఈ సంగతి తెలియని మనిషి టెన్షన్‌తో టకటకా అయిదుసార్లు నొక్కుతాడు, కలిశాక పడిన నొక్కులకి అందరూ మాట్లాడుకుంటున్న ఫోటోలు రెండొస్తాయి. జనం సర్దుకుంటుండగానే ఒకసారి ఉత్తినే నొక్కి, మూడు సెకన్లాగి, ఇంకోసారి నొక్కి ఫోటో పడిందో లేదో చూసుకుంటే రిమోట్ మెలకువగా ఉన్నట్టు తేలిపోతుంది. పద్నాలుగు మందిలో ఎవరో ఒకరు కళ్లు మూయడం ఖాయం కాబట్టి, అసలు ఫోటోకి కూడా కాస్త వ్యవధిచ్చి నాలుగైదుసార్లు నొక్కాలి. చీకటి పడ్డాక నైట్ మోడ్‌లో మాత్రం ఒక్కో ఫోటోకి కొన్ని సెకన్లు పడుతుంది. అది పూర్తవకుండా మళ్లీ నొక్కినా, కదిలినా వృథా.

వీడియోకి వస్తే సూత్రం అదే, చిక్కు మాత్రం ఎక్కువ. కెమెరాని ముందే వీడియో మోడ్‌లో పెట్టాలి, ఆ పని రిమోట్ చేయలేదు. వీడియో మోడ్‌లో ఒక నొక్కుకి రికార్డింగ్ మొదలవుతుంది, ఇంకో నొక్కుకి ఆగుతుంది. రెండింటికీ ఒకటే కీ. రిమోట్ మీది లైటు నొక్కు వెళ్లిందని చెబుతుందే తప్ప, రికార్డింగ్ మొదలైందా ఆగిందా అన్నది దానికి తెలీదు. వెనక కెమెరా వాడుతున్నప్పుడు స్క్రీన్ అటు తిరిగి ఉంటుంది కాబట్టి మనకీ తెలీదు. అందుకే అనుమానంతో రెండోసారి నొక్కినవాళ్ల ఫోన్లో ఒక సెకను వీడియో మిగులుతుంది. పెళ్లి ఇంట్లో పిల్లల డ్యాన్స్ అయిపోయాక ఆపుదామని నొక్కితే అప్పుడు రికార్డింగ్ మొదలై, తర్వాత పావుగంటసేపు నేల కనిపించే వీడియో తయారవ్వడం కూడా ఇందువల్లే.

దీనికి రెండు దారులున్నాయి. ఫోన్‌ని సైలెంట్ నుంచి తీసేస్తే చాలా ఫోన్లు రికార్డింగ్ మొదలైనప్పుడు, ఆగినప్పుడు చిన్న చప్పుడు చేస్తాయి. గదిలో అయితే అది వినపడుతుంది. అలల హోరులో, గాలిలో వినపడదు. అక్కడ నాణ్యత కాస్త తగ్గినా ముందు కెమెరాతో తీయడం మేలు, స్క్రీన్ మీద ఎర్రచుక్క, నడుస్తున్న సెకన్లు నాలుగు మీటర్ల నుంచైనా తెలుస్తాయి. వెనక కెమెరాయే కావాలనుకుంటే నొక్కేది ఒకరే అని తేల్చుకోవాలి, ఒక్కసారే నొక్కి రెండు సెకన్లు ఆగి మొదలుపెట్టాలి. చివర్లో ఆపడానికి రిమోట్ వాడకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి చేత్తో ఆపితే గందరగోళం ఉండదు. ఆ చివరి నాలుగు సెకన్లు తర్వాత కత్తిరించుకోవచ్చు.

నొక్కి పట్టుకోవడం ఇంకో వల. ఫోటో మోడ్‌లో వాల్యూమ్ కీని పట్టి ఉంచితే కొన్ని ఫోన్లు వరసపెట్టి ఫోటోలు తీసేస్తాయి. కొత్త ఐఫోన్లు మామూలుగా వీడియో తీయడం మొదలుపెడతాయి, సెట్టింగుల్లో మారిస్తే వరస ఫోటోలు తీస్తాయి. కొన్ని రిమోట్లు ఎంతసేపు పట్టుకున్నా ఒక్క నొక్కుగానే పంపుతాయి. టక్కున నొక్కి వదిలేయడమే అన్ని ఫోన్లకీ సరిపడే పద్ధతి.

ఫోటోలు అయ్యాక వాటిని ఇంట్లోవాళ్ల గ్రూపులో పెడదామని చూస్తే ఫోన్లో టైపు చేసే కీబోర్డు పైకి రాదు. ఫోన్ పాడైందని కంగారుపడేవాళ్లున్నారు. కారణం మొదట చెప్పుకున్నదే, రిమోట్ ఒక కీబోర్డు. బయటి కీబోర్డు ఒకటి కలిసి ఉంది కదా, స్క్రీన్ మీద ఇంకోటెందుకని ఫోన్ దాన్ని దాచేస్తుంది. రిమోట్ స్విచ్ ఆపితే కీబోర్డు వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ఫిజికల్ కీబోర్డు అన్న చోట, స్క్రీన్ కీబోర్డుని కూడా చూపించమనే మీట ఆన్ చేస్తే రిమోట్ కలిసి ఉన్నా టైపు చేసుకోవచ్చు.

చివరిగా బ్యాటరీ. వీటిలో ఎక్కువవాటికి సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది నీరసపడితే రిమోట్ ఒకేసారి చచ్చిపోదు. ఫోన్ పక్కనే పెట్టి నొక్కితే పని చేస్తుంది, నాలుగడుగులు దూరం జరిగితే మానేస్తుంది. ఇంట్లో బాగుండి బీచ్‌లో మొరాయించే రిమోట్‌లో ముందు అనుమానించాల్సింది దీన్నే. కొత్త బ్యాటరీ వేసినా తేడా లేకపోతే లోపలి రేకుల్ని చూడాలి. తీరం గాలిలోని ఉప్పు తేమతో కలిసి వాటి మీద తెల్లగానో పచ్చగానో పొర కడుతుంది, సరిగా ఆనుకోక విద్యుత్తు అందదు. రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు బతుకుతుంది. నెలకోసారి కూడా వాడని రిమోట్ అయితే బ్యాటరీ తీసి విడిగా పెట్టాలి, అది కూడా చిన్నపిల్లలకి అందని చోట. ఆ బిళ్ల మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోయే ప్రమాదం ఉంది, అలా జరిగిందని అనుమానం వచ్చినా సరే ఇంట్లో చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.